గ్యాస్ పోయిందని బాగు చేయించాక ఫ్రిజ్ తలుపుల దగ్గర చెమట, పక్క గోడలు మాత్రం చల్లగా ఉన్నాయి

గజపతి_వాసు (పర్లాకిమిడి)

అందరికీ నమస్కారం. మాది డబుల్ డోర్ ఫ్రిజ్, ఆరేడేళ్ల కిందటిది. మొన్న ఎండాకాలంలో కూలింగ్ పూర్తిగా పోయింది. ఇక్కడి మిస్త్రీని పిలిస్తే, లోపల పైపు ఎక్కడో పోయింది, గ్యాస్ అంతా లీకైపోయింది అని చెప్పి ఏవో పైపులు మార్చి, గ్యాస్ నింపి వెళ్లాడు. కూలింగ్‌కి ఏ లోటూ లేదు, ఐస్ కూడా తొందరగానే కడుతోంది.

రథయాత్ర దాటి వానలు పట్టిన దగ్గర్నుంచి మొదలైంది అసలు బాధ. పై తలుపుకీ కింది తలుపుకీ మధ్య ఒక ఇనప పట్టీ ఉంటుంది కదా, దాని మీద తెల్లారేసరికి వరసగా నీటిబొట్లు. అవి జారి కింది తలుపు మీదుగా కారి నేల తడిసిపోతోంది. తుడిస్తే గంటలో మళ్లీ తయారు. మొన్న మా అమ్మ ఆ తడిలో కాలు జారబోయి గోడ పట్టుకుని నిలబడింది. పట్టీ చివర పెయింటు ఉబ్బి తుప్పు కూడా కనిపిస్తోంది.

ఇంకో సంగతి చెప్పాలి. ఇదివరకు ఫ్రిజ్ పక్క గోడల మీద చెయ్యి పెడితే వెచ్చగా తగిలేది, ఇప్పుడు రెండు పక్కలా చల్లగానే ఉంటున్నాయి. రిపేరు బాగా కుదిరింది కాబట్టే వేడి తగ్గింది అని మిస్త్రీ అన్నాడు. మరి ఈ చెమట ఎందుకు పడుతోంది? గ్యాస్ ఎక్కువ నింపేశాడా?

సుజాత_గుణుపురం

వాసు గారూ, ఇది రబ్బరు సమస్య. తలుపు చుట్టూ ఉండే గ్యాస్కెట్ గట్టిపడిపోతే లోపలి చల్లగాలి బయటికి వస్తూనే ఉంటుంది, అది తగిలిన చోట చెమట పడుతుంది. మాకూ అలాగే అయితే రబ్బరు మార్పించాం, ఆగిపోయింది. ఒక కాగితం ముక్క తలుపు సందులో పెట్టి తలుపు వేసి లాగి చూడండి. సులువుగా వచ్చేస్తే రబ్బరు పోయినట్టే. వెయ్యి రూపాయల చిల్లరలో అయిపోయే పని, పెద్ద రిపేర్ల జోలికి వెళ్లకండి.

జయపురం_కిరణ్

మాకూ సేమ్ ప్రాబ్లం అండి. కూరగాయల ట్రే కింద రోజూ నీళ్లు నిలుస్తున్నాయి, టమాటాలు కుళ్లిపోతున్నాయి. దీనికి మందేంటో ఎవరైనా చెప్పండి ప్లీజ్.

బరంపురం_మిస్త్రీ

కిరణ్ గారూ, మీది వేరే సంగతి. మీ ఫ్రిజ్ లోపల వెనక గోడ అడుగున, ట్రే వెనకాల, ఒక చిన్న కన్నం ఉంటుంది. కరిగిన మంచు నీళ్లు దాంట్లోంచే బయటి గిన్నెలోకి పోవాలి. కొత్తిమీర ఆకో ఏదో అడ్డం పడి ఉంటుంది, గోరువెచ్చని నీళ్లు కొద్దికొద్దిగా పోసి మెత్తటి ప్లాస్టిక్ గొట్టంతో పొడవండి, పోతుంది. ఇనప తీగ మాత్రం వాడొద్దు.

ఇక వాసు గారి విషయం. అమ్మా సుజాత గారూ, రబ్బరు పోయినా చెమట పడుతుంది, మీరు చెప్పింది తప్పు కాదు. కానీ రబ్బరు పోతే సాధారణంగా ఒక మూల, ఒక పక్క, గాలి తప్పించుకునే ఆ చోటే తడుస్తుంది. లోపల ఫ్రీజర్‌లో కూడా అదే మూల మంచు పేరుకుంటుంది. వాసు గారికి పట్టీ పొడుగునా వస్తోంది, అదీ రిపేరు తరువాతే మొదలైంది, దానికి తోడు పక్క గోడలు చల్లబడిపోయాయి. నా దృష్టి అంతా ఆఖరి ముక్క మీదే ఉంది.

ఇప్పటి ఫ్రిజ్‌లకి వెనకాల నల్లటి జాలి కనిపించదు కదా, దాన్ని పక్క రేకుల లోపలే, రేకుకి అంటించి, పాము మెలికల్లా తిప్పి పెడతారు. లోపలి సామాన్ల నుంచి లాగిన వేడి ఆ రేకుల మీదుగా గదిలోకి పోతుంది. అందుకే మంచి ఫ్రిజ్ పక్కలు వెచ్చగా ఉండాలి. ఎండాకాలంలో చెయ్యి ఎక్కువసేపు పెట్టలేనంత వేడిగా ఉన్నా అది జబ్బు కాదు.

ఆ పైపులోనే ఒక భాగాన్ని తలుపు చట్రం చుట్టూ తిప్పుతారు. తలుపు తీసినప్పుడు రబ్బరు వచ్చి ఆనుకునే ఇనప అంచు ఉంటుంది చూశారూ, ఆ మడత వెనకాలే ఉంటుంది ఆ సన్న పైపు. డబుల్ డోర్ అయితే మధ్య పట్టీలోంచి కూడా పోతుంది. దాని పని ఒక్కటే, ఆ అంచుని గది గాలిలోని తేమ నీరవ్వలేనంత వెచ్చగా ఉంచడం. మేము దాన్ని ఫ్రేమ్ పైపు అంటాం.

అంచు దగ్గరే ఎందుకంటే, మిగతా గోడంతా మందంగా ఫోమ్ ఉంటుంది, కానీ తలుపు అంచు దగ్గర అది పలచబడుతుంది. పైగా రబ్బరులోని అయస్కాంతం అంటుకోవాలంటే అక్కడ ఇనప రేకు ఉండి తీరాలి. ఆ రేకు లోపలి చలిని తిన్నగా బయటికి లాక్కొస్తుంది. చల్లనీళ్ల చెంబు బయట చెమటపట్టినట్టే అక్కడ పడుతుంది. మధ్య పట్టీకి ఒక పక్క ఫ్రీజరు కాబట్టి అన్నిటికంటే ముందు అదే తడుస్తుంది.

వాసు గారూ, రెండు పనులు చెయ్యండి. ఒకటి, కంప్రెసర్ ఆడటం మొదలైన పావుగంట తరువాత తలుపులు తీసి ఆ మధ్య పట్టీని పొడిగా తుడిచి అరచేతి వెనక భాగం ఆనించండి. వెచ్చగా ఉందా, చల్లగా ఉందా చూడండి. రెండు, ఫ్రిజ్ ముందుకి జరిపి వెనక చూడండి. ఇదివరకు లేని నల్ల జాలి ఏమైనా బిగించారా?

పలాస_పద్మ

అన్నయ్యా, మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోవద్దు. మేము ఈ మధ్యే కొత్త ఫ్రిజ్ కొన్నాం. మా పుట్టిల్లు ఇచ్ఛాపురం దాటి బరంపురం వైపే, అక్కడ అమ్మ వాళ్లకీ అదే మోడల్ కొనిపించాను. ఇద్దరికీ రెండు పక్కలా కాలిపోతోంది! అమ్మ అయితే షాక్ కొడుతుందేమో అని దగ్గరికి వెళ్లడం మానేసింది. షాపువాడు నార్మల్ అంటున్నాడు, కానీ వాడు అలా అనక ఏమంటాడు అని టెన్షన్. ఇప్పుడు మీరు రాసింది చదివాక కొంచెం ధైర్యం వచ్చింది. ఎంత వేడి వరకు పర్వాలేదు?

బరంపురం_మిస్త్రీ

అమ్మా, కొత్త ఫ్రిజ్ మొదట ఆన్ చేసినప్పుడు, సామాన్లన్నీ ఒకేసారి నింపినప్పుడు కంప్రెసర్ గంటల తరబడి ఆగకుండా ఆడుతుంది, అప్పుడు గోడలు బాగా వేడెక్కుతాయి. గది 35 డిగ్రీలుంటే పైపులో గ్యాస్ 45, 50 డిగ్రీల దగ్గర ఉండటం మామూలే. లోపలంతా చల్లబడ్డాక తగ్గుతుంది, తరువాత కంప్రెసర్ ఆడినప్పుడల్లా వెచ్చబడి ఆగినప్పుడు చల్లారుతుంది. అది కనిపిస్తే నిశ్చింతగా ఉండండి. రోజులు గడిచినా ఆగకుండా ఆడుతూ, గోడలు కాలుతూ, లోపల మాత్రం కూలింగ్ సరిగా లేకపోతే అప్పుడు పిలవండి. షాక్ సంగతి వేరు, అది ఎర్తింగ్ సంగతి, దానికి ఈ వేడికి సంబంధం లేదు. చిమచిమ మన్నట్టు ఏమాత్రం అనిపించినా ప్లగ్గు తీసి ఎలక్ట్రీషియన్‌కి చూపించండి.

ఒక్కటి అడగాలి. ఫ్రిజ్‌కి గుడ్డ కవరు వేశారా? పక్కన బియ్యం బస్తా, గ్యాస్ సిలిండరు లాంటివి ఆనించి ఉన్నాయా?

పలాస_పద్మ

అమ్మ వాళ్లింట్లో ఒక పక్క గోడకి ఆనించే ఉంది, రెండో పక్క పప్పుల డబ్బాల ర్యాక్. మీద నుంచి కింది దాకా పూల కవరు, అమ్మే కుట్టింది. తీసెయ్యమంటే బాధపడుతుంది.

బరంపురం_మిస్త్రీ

పైన తలమీద వేసుకోమనండి, పక్కలకి వేలాడకుండా మడిచి కుట్టమనండి. రెండు పక్కలా నాలుగైదు అంగుళాలైనా ఖాళీ ఉండాలి. గోడ వేడి పోకపోతే కంప్రెసర్ ఎక్కువ ఆడుతుంది, కరెంటు ఎక్కువ కాలుతుంది.

కాశీనగర్_కూల్‌డ్రింక్స్

వేడి వద్దు అనుకుంటే థర్మోస్టాట్ తగ్గించుకుంటే సరిపోతుంది కదా. చెమటకి కూడా అదే మందు. నా షాపులో గ్లాస్ డోర్ కూలర్‌కి వానాకాలం అద్దమంతా నీళ్లే, నాలుగు మీద ఉన్నదాన్ని రెండుకి తగ్గించాను, ఇప్పుడు సీసాలు కనిపిస్తున్నాయి. ఈ పైపులూ గియిపులూ అంటూ మిస్త్రీలకి డబ్బులు పొయ్యడం ఎందుకు.

బరంపురం_మిస్త్రీ

థర్మోస్టాట్ తగ్గిస్తే చెమట తగ్గుతుంది, కాదనను. లోపల చలి తగ్గితే అంచు చలీ తగ్గుతుంది. మీ కూలర్లో సీసాలు కాస్త తక్కువ చల్లగా ఉన్నా నష్టం లేదు. ఇంట్లో ఫ్రీజర్‌లో చేపలూ మాంసం ఉంటాయి, అక్కడ మైనస్ 18 దగ్గర ఉండాలి. మధ్య పట్టీని తడిపేది ఫ్రీజరే. దాన్ని ఎంత తగ్గిస్తాం?

గజపతి_వాసు

మిస్త్రీ గారూ, ఇవాళ సాయంత్రం తమ్ముడూ నేనూ కలిసి ఫ్రిజ్ బయటికి లాగాం. మీరు చెప్పినట్టే వెనకాల నల్ల జాలి ఉంది! ఇది కొన్నప్పుడు లేదు, వెనక అంతా చదునైన రేకే ఉండేది. కింద కంప్రెసర్ ఉన్న గూట్లో టార్చ్ వేసి చూస్తే, ఫోమ్ లోంచి నాలుగు ఇనప పైపు ముక్కలు బయటికి వచ్చి ఉన్నాయి, వాటి కొసల్ని కటింగ్ ప్లయర్‌తో నొక్కేసి పైన ఏదో వెల్డింగ్ చేసినట్టుంది. కంప్రెసర్ నుంచి కొత్త రాగి పైపు తిన్నగా ఆ జాలిలోకి వెళ్లి, జాలి నుంచి పెన్సిలంత లావు రాగి డబ్బాలోకి వెళ్తోంది.

పట్టీ మీద చెయ్యి పెట్టి చూశాను. కంప్రెసర్ అరగంటగా ఆడుతూనే ఉంది, అయినా చల్లగానే ఉంది. పక్క గోడలూ అంతే. జాలి మాత్రం వేడిగా ఉంది.

కాగితం పరీక్ష కూడా చేశాను సుజాత గారూ, అన్ని చోట్లా గట్టిగానే పట్టుకుంది.

బరంపురం_మిస్త్రీ

నాలుగు ముక్కలు అన్నారు చూడండి, అక్కడే సంగతి తేలిపోయింది. రెండు పక్క గోడల పైపువి, రెండు తలుపు చట్రం పైపువి. మీ మిస్త్రీ రెండింటినీ పక్కన పెట్టేసి బయట జాలి బిగించాడు. లీకు ఫోమ్ లోపల ఎక్కడో ఉంది, తవ్వి తీయలేం కాబట్టి బయట కొత్తది పెట్టడం తప్పు పని కాదు, మేమందరం చేసేదే. కానీ ఆ రెండు పైపుల్లో పోయింది ఏదో విడివిడిగా చూడకుండా రెండూ మూసేసినట్టున్నాడు. అందుకే మీ గోడలు చల్లగా ఉన్నాయి, అందుకే పట్టీ చెమటపడుతోంది. గ్యాస్ ఎక్కువ తక్కువలతో దీనికి సంబంధం లేదు.

సుజాత_గుణుపురం

సరే, ఒప్పుకున్నా. మరి రిపేరు ఎండాకాలంలోనే అయింది కదా, అప్పట్నుంచే చెమట పట్టాలిగా? వానలు పడే దాకా ఎందుకు ఆగింది?

లెక్కల_మాస్టారు_రాయగడ

ఈ ప్రశ్నకి నేను జవాబిస్తాను, బడిలో ఏటా చెప్పే పాఠమే. గాలిలో తేమ నీరుగా మారే వేడి స్థాయి ఒకటి ఉంటుంది, దానికంటే చల్లగా ఉన్న ఏ వస్తువు మీదైనా బొట్లు కడతాయి. ఏప్రిల్లో మధ్యాహ్నం 38 డిగ్రీలు, తేమ 30 శాతం అనుకోండి. ఆ గాలికి ఆ స్థాయి 17 డిగ్రీల దగ్గర ఉంటుంది. వాసు గారి పట్టీ ఎంత చల్లబడినా, అంత వేడి గదిలో 17 కంటే కిందికి దిగి ఉండదు. అందుకే పొడిగా ఉంది.

ఇప్పుడు శ్రావణంలో గది 32, తేమ 85 శాతం. ఆ గాలికి అది 29 డిగ్రీలు. అంటే పట్టీ గది కంటే ఒక్క మూడు డిగ్రీలు చల్లగా ఉంటే చాలు, బొట్లు కట్టేస్తాయి. వెనకాల ఫ్రీజర్ ఉన్న ఇనప పట్టీ, వెచ్చబరిచే పైపు లేకుండా, మూడు డిగ్రీలు కూడా చల్లబడకుండా ఎలా ఉంటుంది? వాసు గారూ, వంటింట్లో ఒక తేమ మీటరు పెట్టి చూడండి, అన్నం గంజి వార్చే సమయంలో ఇంకా పెరుగుతుంది.

ఇదే లెక్క ఇంకోలా కూడా పనికొస్తుంది. పైపు ఆ పట్టీని నిప్పులా కాల్చక్కర్లేదు. గది వేడికి ఒకటి రెండు డిగ్రీలు అటూ ఇటూగా ఉంచితే చాలు, చెమట రాదు.

గజపతి_వాసు

మాస్టారూ, చాలా స్పష్టంగా చెప్పారు. అమ్మకి చదివి వినిపించాను. మా ఇల్లు మహేంద్రతనయ ఒడ్డుకి దగ్గర, వంటింటికి ఒకటే కిటికీ, వానాకాలం గోడలే చెమర్చుతాయి. ఇక ఇప్పుడు చెయ్యాల్సింది ఏమిటి? ఆ నొక్కేసిన పైపుని మళ్లీ కలపమని అడగాలా?

రాయగడ_రిఫ్రిజిరేషన్

నేనూ ఇదే పనిలో ఉన్నాను. బరంపురం అన్న చెప్పింది పుస్తకం ప్రకారం కరెక్టే, కానీ కస్టమర్‌కి పనికొచ్చే మాట కాదు. నా అనుభవంలో ఒక పైపు తుప్పు పట్టి లీకైందంటే రెండోదీ అదే వయసుది, అదే ఇనుము, అదే తడిలో ఉంది. ఇవాళ కలిపితే ఆర్నెల్లలో మళ్లీ గ్యాస్ పోతుంది, మళ్లీ నన్నే తిడతారు. అందుకే నేను ఎప్పుడూ రెండూ మూసేస్తాను. వానాకాలం రెండు నెలలు గుడ్డతో తుడుచుకోండి, ఎదురుగా ఒక చిన్న ఫ్యాన్ పెట్టండి అని ముందే చెప్పేస్తాను. ఫ్యాన్ గాలికి పట్టీ గది వేడికి దగ్గరగా ఉంటుంది, చెమట సగం తగ్గుతుంది.

బరంపురం_మిస్త్రీ

తమ్ముడూ, ముందే చెప్పడం మంచి పద్ధతి, వాసు గారికి ఆ మాట ఎవరూ చెప్పలేదు, అక్కడే ఇంత తంటా వచ్చింది. కానీ చూడకుండానే రెండోదీ పోతుందని తేల్చెయ్యడం నాకు ఒప్పదు.

నేను చేసే పద్ధతి చెప్తాను. గోడల పైపుకి, చట్రం పైపుకి విడివిడిగా చార్జింగ్ వాల్వ్ బిగించి నైట్రోజన్ 150 పౌండ్ల దాకా ఎక్కిస్తాను, గేజి ముల్లు ఎక్కడుందో గుర్తు పెట్టి వదిలేస్తాను. రాత్రంతా ఉంచి పొద్దున్న చూస్తే పోయిన పైపులో ముల్లు పడిపోయి ఉంటుంది. గది చల్లబడితే ముల్లు కొద్దిగా దిగుతుంది, దాన్ని చూసి కంగారు పడొద్దు, బాగా దిగితేనే లీకు. చట్రం పైపు నిలబడితే దాన్ని ధైర్యంగా వాడతాను. పోతే అప్పుడు మీ దారే. ఆక్సిజన్ సిలిండర్‌తో మాత్రం ఎవరినీ ప్రెషర్ పెట్టనివ్వకండి, లోపల నూనె ఉంటుంది, పేలుతుంది.

వాసు గారూ, ఫ్రిజ్ వెనకో లోపలో ఉన్న స్టిక్కర్ చూసి గ్యాస్ పేరు చెప్పండి.

గజపతి_వాసు

R600a అని ఉంది, పక్కన 50 చిల్లర గ్రాములు అని ఉంది.

బరంపురం_మిస్త్రీ

అయితే ఇంకా జాగ్రత్త. అది మండే గ్యాస్, మన వంట గ్యాస్ జాతే. ముందు స్టవ్, దీపం ఆర్పేసి, కిటికీలు తీసి, అప్పుడు ఉన్నదాన్ని బయటికి వదిలి, లైన్ అంతా నైట్రోజన్‌తో కడిగాకే మంట ముట్టించాలి. మళ్లీ నింపేటప్పుడు గ్రాముల తూకం వేసే మిస్త్రీనే పిలవండి, 50 గ్రాముల్లో 10 అటూ ఇటూ అయినా కూలింగ్ తేడా కొడుతుంది. బయట జాలి బిగించారు, ఇప్పుడు చట్రం పైపు కలుస్తుంది, కాబట్టి స్టిక్కర్ మీద ఉన్నంతే సరిపోతుందని కూడా అనలేం, కరెంటు ఆంపియర్లు, జాలి వేడి చూసుకుంటూ సరిచేసుకోవాలి. వేరే గ్యాస్ నింపుతాను అంటే ఒప్పుకోకండి, ఆ కంప్రెసర్ దాని కోసం చేసింది కాదు.

ఛత్రపురం_రమణి

మా అనుభవం కూడా రాస్తాను, ఎవరికైనా పనికొస్తుంది. స్టెబిలైజర్ నేల మీద పెడితే తడుస్తోందని మావారు ఫ్రిజ్ పక్క రేకుకే డ్రిల్ వేసి స్క్రూలతో స్టాండు కొట్టారు. రెండో స్క్రూ దిగగానే సస్ మని శబ్దం, ఒక్క క్షణం, అంతే. వంటింట్లో ఏమీ వాసన కూడా రాలేదు. మర్నాటికి ఐస్ కరిగి నీళ్లయింది. ఇక్కడ చదివే దాకా ఆ రేకు వెనకాల పైపులుంటాయని మాకెవరికీ తెలియదు. అప్పుడు వంటింట్లో స్టవ్ వెలుగుతూ ఉంటే ఏమయ్యేదో అని తలచుకుంటే ఇప్పుడు భయమేస్తోంది.

బరంపురం_మిస్త్రీ

రమణి గారూ, మీరు రాసింది చాలా మంచి పని. నా దగ్గరికి వచ్చే పక్క గోడ లీకుల్లో తుప్పు తరువాత ఇదే. మసాలా డబ్బాల హుక్కులు, దేవుడి పటం, టవల్ రాడ్డు, ఏదో ఒకటి కొడతారు. ఫ్రిజ్‌కి పక్కన గానీ, తలుపు అంచు దగ్గర గానీ ఒక్క మేకు కూడా దిగకూడదు. ఫ్రీజర్‌లో ఐస్‌ని చాకుతో పొడవకూడదని అందరికీ తెలుసు, బయట రేకు సంగతి ఎవరికీ తెలియదు.

పలాస_పద్మ

అన్నయ్యా, నాకు ఇంకో అనుమానం. మా ఫ్రిజ్ ఇన్వర్టర్ మోడల్. రాత్రుళ్లు వాన పడుతున్నప్పుడు మధ్య పట్టీ మీద సన్నగా ఆవిరిలా పడుతోంది, పొద్దున్న పది గంటలకి దానంతట అదే పోతోంది. పైపు కొత్తదే, మూసెయ్యలేదు. ఇది లోపమా?

బరంపురం_మిస్త్రీ

బొట్లు జారనంత వరకూ లోపం అనను. ఇన్వర్టర్ కంప్రెసర్ రాత్రి చల్లటి వేళ నెమ్మదిగా తిరుగుతుంది, పైపులోకి వచ్చే వేడి తక్కువగా ఉంటుంది. అదే వేళకి గాలిలో తేమ నూటికి దగ్గర. పగలు తలుపులు తీయడం మొదలవగానే వేగం పెరిగి పట్టీ వెచ్చబడి ఆరిపోతుంది. పాత పెద్ద ఫ్రిజ్‌లు కొన్నింట్లో పైపు బదులు కరెంటు తీగ హీటరు ఉండేది, దానికి పవర్ సేవర్ అని స్విచ్ ఉండేది. అది ఆదాలో పెట్టి వానాకాలం మర్చిపోయి చెమట పడుతోందని పిలిచేవాళ్లు. మీది చూస్తే అలాంటిది కాదు.

గజపతి_వాసు

ఆలస్యంగా రాస్తున్నాను, ఏమనుకోవద్దు. పాతపట్నం నుంచి వచ్చే ఇంకో మిస్త్రీ దొరికాడు, తూకం మిషను, నైట్రోజన్ రెండూ ఉన్నాయి. మీరు రాసింది ఫోన్లో చూపించాను, ఆయన కూడా అలాగే చేద్దాం అన్నాడు. రాత్రి గేజీలు పెట్టి వెళ్లాడు. పొద్దున్నకి గోడల పైపు ముల్లు సున్నాకి పడిపోయింది. చట్రం పైపు ముల్లు పెట్టిన చోటే, వెంట్రుకవాసి తేడా.

దాంతో చట్రం పైపు కలిపాడు, గోడల పైపు అలాగే మూసి ఉంచాడు. గ్యాస్ నింపి ఆన్ చేసిన కాసేపటికి మధ్య పట్టీ మీద చెయ్యి పెడితే గోరువెచ్చగా తగిలింది. అమ్మ కూడా వచ్చి చెయ్యి పెట్టి చూసింది. ఆ రాత్రి పెద్ద వాన, పొద్దున్న పట్టీ పొడిగా ఉంది.

కానీ పూర్తిగా పోలేదు. కింది తలుపు అడుగున, కుడి మూల, జానెడు మేర ఇంకా తడుస్తోంది. తుప్పు పట్టిన చోటు కూడా అదే వైపు.

సుజాత_గుణుపురం

ఒక్క మూలే అంటున్నారు. ఇప్పుడు నా కాగితం అక్కడ మళ్లీ పెట్టి చూడండి, ఫ్రిజ్ జరిపినప్పుడు తలుపు కిందికి దిగి ఉండొచ్చు.

బరంపురం_మిస్త్రీ

సుజాత గారు చెప్పింది ముందు చెయ్యండి, ఈసారి ఆవిడ మాటకే ఎక్కువ అవకాశం ఉంది. ఫ్రిజ్‌ని లాగి పెట్టినప్పుడు ముందు కాళ్లు సమంగా లేకపోతే తలుపు వాలుతుంది. కాగితం గట్టిగా పట్టుకుంటే రెండో అనుమానం, ఇన్నాళ్లూ కారిన నీళ్లు తుప్పు కన్నం లోంచి ఫోమ్‌లోకి దిగి ఉండొచ్చు. ఫోమ్ తడిస్తే అక్కడ చలి ఆపే శక్తి పోతుంది, దానికి పైపు వేడి చాలదు. వేలితో నొక్కి చూడండి, రేకు మెత్తగా లోపలికి దిగుతోందా? తుప్పు గీకి, ఆరబెట్టి, రంగు వేసి సిలికాన్‌తో మూయండి, కొత్త నీళ్లయినా దిగవు. చట్రం పైపుని జాలికి ముందు కలిపాడా, తరువాత కలిపాడా?

గజపతి_వాసు

జాలి తరువాత. కంప్రెసర్ నుంచి జాలి, జాలి నుంచి చట్రం, అక్కడ్నుంచి రాగి డబ్బా.

రాయగడ_రిఫ్రిజిరేషన్

అదే తేడా. ముందు కలపాల్సింది. కంప్రెసర్ నుంచి వచ్చే వేడి గ్యాస్ తిన్నగా చట్రంలోకి వెళ్తే ఆ మూల కూడా ఆరేది. జాలిలో చల్లారిపోయాక వచ్చేదాంట్లో ఏం వేడి ఉంటుంది.

బరంపురం_మిస్త్రీ

తమ్ముడూ, ముందు కలిపితే పట్టీ ఎక్కువ వేడెక్కుతుంది, ఆ వేడిలో కొంత లోపలికి కూడా పోతుంది, ఫ్రీజర్ దాన్ని మళ్లీ బయటికి తోడాలి. మాస్టారు చెప్పినట్టు ఒకటి రెండు డిగ్రీలు చాలు. కంపెనీలు కూడా మోడల్‌ని బట్టి రెండు రకాలుగా పెడతాయి. మధ్య పట్టీ పొడిగా ఉందంటే వేడి చాలుతున్నట్టే.

రాయగడ_రిఫ్రిజిరేషన్

మధ్య పట్టీకి చాలుతోంది, ఆఖరి మూలకి చేరేసరికి చాలడం లేదు. మా వైపు వానలు మీ తీరం వైపు వానల్లా ఉండవు అన్నా, వారం రోజులు ఎండే కనిపించదు. నేనైతే ముందే కలుపుతాను.

గజపతి_వాసు

కాగితం ఆ మూల కొంచెం వదులుగానే వచ్చింది, మిగతా చోట్ల గట్టిగా ఉంది. కుడి పక్క ముందు కాలు ఒక చుట్టు తిప్పి ఎత్తాను, ఇప్పుడు కాగితం పట్టుకుంటోంది. రేకు నొక్కితే మెత్తగా ఏమీ లేదు. ఇవాళ వాన లేదు కాబట్టి ఇప్పుడే ఏమీ చెప్పలేను. వాయుగుండం వస్తుందంటున్నారు, అప్పుడు రాత్రీ పొద్దునా చూసి రాస్తాను. అప్పటికీ తడిస్తే పైపు ముందుకి మార్పించే సంగతి ఆలోచిస్తాను, కానీ మళ్లీ గ్యాస్ తీసి నింపాలంటే ఖర్చు కదా, దానికి ఎంత అడుగుతారో రాయగడ అన్న చెప్తే బాగుంటుంది.